రెండు వేల జరిమానా చూసి మోసపోకండి

ప్రమాదం జరిగిన రోజుకే నా బండికి ఇన్సూరెన్స్ అయిపోయి 41 రోజులైందన్న సంగతి నాకు ఎస్సై గారి టేబుల్ ముందు తెలిసింది. అప్పటిదాకా ఎవరడిగినా "అన్ని పేపర్లూ ఉన్నాయి" అని ధీమాగా చెప్పేవాణ్ణి. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. నిజంగానే ఉన్నాయనుకున్నాను.

ఇన్సూరెన్స్ లేకుండా బండి నడిపితే ఏమవుతుందని ఎవరినైనా అడిగి చూడండి. "పట్టుకుంటే రెండు వేలు" అంటారు. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొరికితే 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. 2019 సెప్టెంబరుకు ముందు ఇది 1,000 రూపాయలే. ఇంతవరకూ జనం చెప్పేది సరైనదే. కానీ ఈ రెండు వేల అంకె మనకు చేసిన మేలు కంటే చేటే ఎక్కువని నా వాదన. ఎందుకంటే మనం లెక్క వేసుకునేది దాంతోనే. మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి రక్షణగా కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం 125 సీసీ బండికి 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 714 రూపాయలు, జీఎస్టీ కలిపితే దాదాపు 843. "మూడేళ్లు దొరక్కపోతే జరిమానా పోను లాభమే కదా" అని లెక్క చెప్పిన మనిషి నాకు తెలుసు. కూడికల్లో తప్పేమీ లేదు. ప్రీమియాన్ని దేనితో పోల్చాలన్న దగ్గరే తప్పింది.

దేనితో పోల్చాలో చెప్పాలంటే నా సొంత కథ చెప్పాలి. కొంచెం సిగ్గుగానే ఉంది గానీ చెబుతాను.

బండి కొన్నది 2019 ఆగస్టు 2న. అంతకు ఏడాది ముందు, 2018లో, సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఆ సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్ అమ్మేటప్పుడు ఐదేళ్లకు, కొత్త కారు అమ్మేటప్పుడు మూడేళ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టించుకోవాలి. ఏటా రెన్యూ చేయించుకోకుండా వదిలేసేవాళ్లు ఎక్కువైపోయారనే ఆ ఏర్పాటు. మంచిదే. కాకపోతే దాని వల్ల నాలాంటివాళ్లకు ఇంకో జబ్బు పట్టుకుంది. ఐదేళ్లపాటు ఇన్సూరెన్స్ గురించి ఆలోచించే పనే లేకపోయేసరికి, అలాంటిదొకటి ఉందన్నదే మరిచిపోయాం. 2024 ఆగస్టు 1 అర్ధరాత్రితో నా పాలసీ ముగిసింది. రిమైండర్ మెసేజీలు వచ్చే ఉంటాయి. పాలసీలో రాయించిన నంబరు నేను ఎప్పుడో మార్చేసినది.

సెప్టెంబరు 11న మా బావమరిది నా బండి తీసుకెళ్లాడు. లైసెన్స్ ఉంది, హెల్మెట్ ఉంది, మెల్లగానే పోతున్నాడు. మలుపు తిరుగుతుంటే సైకిల్ మీద వెళ్తున్న ఒకాయనకు హ్యాండిల్ తగిలింది. ఆయన కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. రక్తం లేదు, లేచి నిలబడ్డాడు, సైకిల్ హ్యాండిల్ తనే సరిచేసుకున్నాడు. బావమరిది దగ్గర్లోని క్లినిక్కుకి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణికిందన్నారు. చేతిలో 3,000 పెట్టి, "ఇక మాకూ మీకూ ఏమీ లేదు" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చాడు. "చిన్న తగులుడే బావా, సెటిల్ చేసేశా" అన్నాడు. పోన్లే అనుకున్నాం.

మణికట్టులో బొటనవేలి వైపు జీడిగింజంత ఎముక ఒకటుంటుంది. డాక్టర్లు స్కేఫాయిడ్ అంటారు. అరచెయ్యి ఆనించి పడ్డప్పుడు మణికట్టు చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. దీనితో వచ్చిన చిక్కేమిటంటే, పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పది పన్నెండు రోజుల తర్వాత మళ్లీ తీస్తే గానీ బయటపడదు. పైగా ఆ ఎముకకు రక్తం అందేది తక్కువ కాబట్టి అతుక్కోవడం కూడా ఆలస్యమే. పడ్డాయన దర్జీ. కత్తెర పట్టేది ఆ చేత్తోనే. నొప్పి తగ్గక పన్నెండో రోజున పెద్దాసుపత్రికి వెళ్తే ఎముక విరిగిందని తేలింది.

కేసు ఎలా మొదలవుతుందో చాలామందికి తెలియదు. దెబ్బ తగిలిన మనిషి కోపంతో స్టేషనుకు పోయి ఫిర్యాదు చేస్తేనే కేసు అనుకుంటాం. మంచిమాటలతో ఆయన్ని ఒప్పిస్తే సరిపోతుందని కూడా. ఆసుపత్రిలో డాక్టరు "ఎలా తగిలింది?" అని అడిగాడు, "బండి తగిలింది" అని ఆయన ఉన్నమాట చెప్పాడు. అంతే, అది మెడికో లీగల్ కేసు. రిజిస్టరులో రాసి ఆసుపత్రివాళ్లే స్టేషనుకు సమాచారం పంపిస్తారు. పోలీసులు వచ్చి ఆయన వాంగ్మూలం తీసుకున్నారు. ఆ దర్జీకి మా మీద పగేమీ లేదు. మమ్మల్ని తిట్టను కూడా లేదు. అయినా ఎఫ్ఐఆర్ అయింది.

ఆ ఎఫ్ఐఆర్‌లో మా "చిన్న తగులుడు"కు పడిన పేరు వేరు. ఎముక విరగడం, చివరికి పన్ను విరగడం కూడా, చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. నిర్లక్ష్యంగా ప్రవర్తించి తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125(బి), అంటే మూడేళ్ల దాకా జైలు లేదా పది వేల దాకా జరిమానా లేదా రెండూ. రోడ్డు మీద అజాగ్రత్తగా నడిపినందుకు 281. ఈ రెండూ బావమరిది మీద. ఇన్సూరెన్స్ ఉన్నా ఇవి తప్పేవి కావు. ఇన్సూరెన్స్ లేనందుకు 196వ సెక్షన్ కింద అతని పేరుతో పాటు నా పేరూ ఎక్కింది. ఆ సెక్షన్ నడిపినవాడితో ఆగదు, నడపనిచ్చినవాడికీ వర్తిస్తుంది. ఆ సాయంత్రం నేను ఆ రోడ్డు మీదే లేను. ఆఫీసులో ఉన్నాను.

ముందు నాకు మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద నోటీసు వచ్చింది. బండి యజమానిగా ఆ రోజు ఎవరు నడిపారో చెప్పి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, నడిపినవాడి లైసెన్స్ చూపించమని. పాలసీ ప్రింటు తీసి తారీఖు చూడకుండానే పట్టుకెళ్లాను. ఎస్సై గారు దాన్ని తిప్పి నా వైపే పెట్టి, ముగింపు తేదీ మీద పెన్నుతో రెండుసార్లు కొట్టారు. మొదట్లో చెప్పిన 41 రోజుల సంగతి అది.

ఆ రాత్రి నాకు రెండు సలహాలు వచ్చాయి. రెండూ ప్రమాదకరమైనవే. అందుకే వాటి గురించి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది ఒక మిత్రుడిచ్చింది. "90 రోజుల గడువుంటుందిరా, భయపడకు" అన్నాడు. ఈ మాట మీరూ వినే ఉంటారు. 90 రోజుల లెక్క ఒకటుంది, నిజమే. కానీ అది నో క్లెయిమ్ బోనస్‌కు సంబంధించింది. పాలసీ అయిపోయాక 90 రోజుల్లోపు రెన్యూ చేస్తే మన సొంత బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, క్లెయిమ్ చెయ్యనందుకు వచ్చిన పాత తగ్గింపు పోకుండా ఉంటుంది. అంతకు మించి ఏమీ లేదు. ఆ 90 రోజుల్లో ప్రమాదం జరిగితే కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు. పాలసీ మీద రాసిన తేదీ అర్ధరాత్రితో థర్డ్ పార్టీ రక్షణ పూర్తిగా ఆగిపోతుంది, ఒక్క రోజు కూడా పొడిగింపు ఉండదు. నాకిప్పటికీ అర్థం కానిది, ఇంత పెద్ద అపోహ ఇంతమందిలో ఉంటే రెన్యువల్ నోటీసులో ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో ఎందుకు వెయ్యరని.

రెండోది ఒక ఏజెంటు ఫోన్లో చెప్పింది. పాత తారీఖుతో పాలసీ "చూసిపెడతా"నన్నాడు. టెన్షన్‌లో ఉన్నవాడికి ఈ మాట తేనెలా ఉంటుంది. అదృష్టవశాత్తూ ఆ రాత్రే లాయరుతో మాట్లాడాను. ఆయన నవ్వి, పాలసీకి తారీఖు ఒక్కటే కాదు, గంట నిమిషం కూడా ఉంటాయన్నాడు. సుప్రీంకోర్టు దాకా పోయిన పాత కేసు ఒకటి చెప్పాడు. 1991 డిసెంబరు 10న మధ్యాహ్నం 2:20కి ప్రమాదం జరిగింది. అదే రోజు 2:55కి బండికి పాలసీ తీసుకున్నారు. తేదీ ఒకటే కదా అని ఆ పాలసీని చూపించారు. ముప్పై ఐదు నిమిషాల తేడాతో కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. ఇప్పుడైతే పాలసీ నంబరు కొడితే అసలు వివరాలు వచ్చేస్తాయి, పోలీసులు కంపెనీకి రాసి సరిచూసుకుంటారు కూడా. దొంగ పాలసీ పెట్టి ఉంటే నా మీద 196తో పోయేది కాదు, ఫోర్జరీ కూడా చేరేది.

ఇక పోలీసులు స్వాధీనం చేసుకున్న బండి. మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ బ్రేకులు చూసి రిపోర్టు ఇచ్చాక మామూలుగా అయితే కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవచ్చు. ఇన్సూరెన్స్ ఉన్న బండికి అదేమంత కష్టం కాదు. లేని బండికి దారి వేరు. 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పి, 2022లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి కూడా చేరిన నియమం ఒకటుంది. మనిషికి దెబ్బ తగిలినా, ఆస్తికి నష్టం జరిగినా, ఆ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకపోతే, రేపు పడబోయే నష్టపరిహారానికి సరిపడా హామీ ఇచ్చేదాకా కోర్టు బండిని వదలకూడదు. హామీ ఇవ్వకపోతే, పోలీసులు బండిని స్వాధీనం చేసుకున్న మూడు నెలలకు మేజిస్ట్రేటు దాన్ని వేలం వేయించి, ఆ డబ్బును ట్రిబ్యునల్లో జమ చేయించాలి.

నా బండికి అప్పుడు ముప్పై ఐదు వేలు వస్తే గొప్ప. కోర్టు అడిగిన హామీ మూడు లక్షలకు. హామీ అంటే మాటతో అయ్యేది కాదు. ఇల్లున్న జామీనుదారు ఇంటిపన్ను రసీదుతో వచ్చి నిలబడాలి, లేదా డిపాజిట్ చూపించాలి. ముప్పై ఐదు వేల బండి కోసం మా మామగారి ఇంటి కాగితాలు అడగడానికి నాకు నోరు రాలేదు. బండిని స్టేషను ఆవరణలోనే వదిలేశాను. అది అక్కడ ఎండకు ఎండి, వానకు తడిసి, సీటు చీలిపోయి, టైర్లు నేలకు అతుక్కుపోయింది. కోర్టుకి వెళ్లినప్పుడల్లా దారిలో కనపడేది. వేలం మూడు నెలలకే జరగాలని నియమం చెబుతుంది గానీ నా బండి అంతకన్నా చాలా ఎక్కువ కాలమే అక్కడ పడి ఉంది. దానికీ నేను చింతించలేదు.

అసలు లెక్క లాయరు ఆఫీసులో ఒక తెల్లకాగితం మీద తేలింది. దర్జీ తరఫున మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసు పడింది. ప్రతివాదులం నేనూ, బావమరిదీ. మామూలుగా ఇలాంటి కేసులో మూడో ప్రతివాదిగా ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటుంది. నిజానికి పోరాడేదీ, లాయరును పెట్టుకునేదీ, చివరికి చెక్కు రాసేదీ ఆ మూడో ప్రతివాదే. యజమాని పేరు కాగితం మీద ఉంటుందంతే. మా కేసులో ఆ మూడో గడి ఖాళీ.

లాయరు లెక్క ఇలా సాగింది. వయసు 38, నెల సంపాదన 15,000 అనుకుందాం. మందులు, ఆపరేషన్ కలిపి 70,000. మూడు నెలలు పని లేదు, అది 45,000. ఆసుపత్రికి తిరుగుళ్లు, తోడు మనిషి ఖర్చు 15,000. నొప్పికీ బాధకూ 40,000. ఇక్కడికి లక్షా డెబ్భై వేలు. "ఇదే కదా, ఎలాగో సర్దుకుంటాను" అనుకుంటున్నాను. "ఆగండి, అసలుది రాలేదు" అన్నాడు.

అసలుది శాశ్వత వైకల్యం. మెడికల్ బోర్డు చేతికి ఎంత శాతం వైకల్యమని రాసిందన్నది ఒక్కటే చూడరు. ఆ మనిషి చేసే పనికి అది ఎంత అడ్డమన్నది ట్రిబ్యునల్ చూస్తుంది. అదే మణికట్టు ఒక గుమస్తాకు పెద్ద అడ్డం కాకపోవచ్చు, దర్జీకి అవుతుంది. సంపాదించే శక్తి పది శాతం తగ్గిందని పెట్టుకుంటే, ఏడాది సంపాదన 1,80,000లో పది శాతం 18,000. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 15. పద్దెనిమిది వేలను పదిహేనుతో గుణిస్తే 2,70,000. మొత్తం 4,40,000. దీనికి కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. ఏడున్నర శాతం చొప్పున ఏడాదికి 33,000. కేసు మూడేళ్లు నడిస్తే వడ్డీయే 99,000. ఐదు లక్షల ముప్పై తొమ్మిది వేలు. భవిష్యత్తులో ఆదాయం పెరిగేదని కలపకుండా తేలిన అంకె ఇది.

"మరి ఆయన తప్పు కూడా ఉందేమో, సైకిల్ అడ్డంగా వచ్చిందంటున్నాడు మావాడు" అన్నాను. అది రుజువు చేస్తే పరిహారంలో కొంత కోత పడుతుందట. కానీ అవతలివాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ అనే ఇంకో దారి ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ సెక్షన్ కింద, తప్పెవరిదన్న ప్రశ్నే లేకుండా, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే ఐదు లక్షలు యజమాని గానీ బీమా కంపెనీ గానీ ఇవ్వాల్సిందే. రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి, అంతే తేడా. అంటే మేం ఎంత బాగా వాదించినా, ఆయన ఆ దారి పడితే మా వాదన వినేవాడే ఉండడు. రోడ్డు మీద రాయించుకున్న మూడు వేల కాగితం గురించి అడిగితే, ఎముక విరిగిందని తెలియకముందు పెట్టిన సంతకం పరిహారపు హక్కును ఆపదనీ, పైగా ఆ రోజు తగిలింది మా బండే అనడానికి అదే మంచి సాక్ష్యమనీ చెప్పాడు. నేను దాన్ని ఫైల్లో భద్రంగా దాచుకుని తీసుకెళ్లాను.

ఎగ్గొడితే ఏం చేస్తారని అడిగేవాళ్లుంటారు. నేనూ అడిగాను. ట్రిబ్యునల్ తీర్పు అమలు కాకపోతే వసూలు కోసం కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, భూమి శిస్తు బకాయిలాగా రాబడతారు. ఇల్లు, స్థలం ఏదున్నా జప్తుకు రావచ్చు. పైగా నేనూ బావమరిదీ చెరి సగం అని ఉండదు. ఇద్దరం కలిసీ, విడివిడిగానూ బాధ్యులం. అతని దగ్గర లేకపోతే మొత్తం నా దగ్గరే తీసుకోవచ్చు. అతనికి స్థిరమైన ఉద్యోగం లేదు, నాకు ఉంది. ఇంకేం చెప్పను.

బండి అమ్మేసి ఆర్‌సీ మార్పించనివాళ్లు కూడా ఇది చదవాలి. డబ్బు చేతులు మారి, తాళాలు ఇచ్చేసి, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి మన పని అయిపోయిందనుకుంటాం. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో కూడా స్పష్టంగా చెప్పింది. కొన్నవాడు ఇన్సూరెన్స్ కట్టకుండా ఎవరినో గుద్దితే ట్రిబ్యునల్ నోటీసు వచ్చేది మీ ఇంటికే. నాకైతే బావమరిది ముఖమైనా తెలుసు. మీకు ఆ నడిపినవాడెవరో కూడా తెలియకపోవచ్చు.

2025 డిసెంబరులో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. 3,60,000, మూడు వాయిదాల్లో. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, వడ్డీ పెరగడం ఆగుతుంది, ఆయనకు డబ్బు త్వరగా అందుతుంది. ఇద్దరికీ అదే మేలనిపించింది. లాయరు ఫీజు, తిరుగుళ్లు, పెట్టిన సెలవులు కలిపితే నాకు నాలుగు లక్షలు దాటింది. 843 రూపాయలను పోల్చాల్సింది ఆ రెండు వేలతో కాదు, దీనితో. నాలుగు లక్షలంటే దాదాపు 475 ఏళ్ల ప్రీమియం. బావమరిది మీద క్రిమినల్ కేసు దారి వేరు, అతను ఇంకా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు. 196 కింద నేను నేరం ఒప్పుకుని జరిమానా కట్టేశాను. సరిగ్గా రెండు వేలు. మొత్తం వ్యవహారంలో అతి తొందరగా, అతి చవగ్గా తేలిపోయిన పని అదొక్కటే.

జరిమానా పెంచితే జనం దారికొస్తారని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. పదివేలు చేసినా అది దొరికితే కట్టేదే, దొరక్కపోతే మిగిలేదే. జనం జూదం ఆడేది పోలీసుతో అనుకుంటున్నారు. నిజానికి ఆడుతున్నది ఎదురొచ్చే సైకిలాయన మణికట్టుతో. ఇన్సూరెన్స్ లేని బండికి వేసే చలానా మీద జరిమానా అంకె పక్కన "ఈ బండి వల్ల ఎవరికి దెబ్బ తగిలినా పరిహారం మొత్తం మీరే కట్టాలి, దానికి హామీ ఇచ్చేదాకా బండి కోర్టు వదలదు" అని రెండు వరుసలు అచ్చు వేస్తే, జరిమానా పెంచినదానికన్నా బాగా పనిచేస్తుందని నా ఊహ. కనీసం నాకైతే పనిచేసేది.

స్టేషను నుంచి వచ్చిన ఆ మొదటి సాయంత్రమే ఇంట్లో ఉన్న ఇంకో బండి, మా ఆవిడ స్కూటీ కాగితాలు తీసి చూశాను. దానికి ఇంకా ఆరు రోజులుందనుకున్నాను. తీరా చూస్తే ఆ ముందు రోజుతోనే అయిపోయింది. అక్కడే కూర్చుని ఫోన్లో థర్డ్ పార్టీ పాలసీ కట్టాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాలసీ వచ్చాక ఈసారి మొదలయ్యే సమయం చూశాను. మరుసటి రోజు 00:00 గంటల నుంచి అని ఉంది. మా ఆవిడ తాళం అడిగింది. రేపు ఇస్తానని చెప్పి జేబులో వేసుకున్నాను.